డిసెంబర్లో కాశీ, గయ వెళ్తున్న అమ్మానాన్నల బ్యాగులో ఏం సర్దాలి

ప్రశ్న: నాన్నకి 72, షుగరు, బీపీ. షుగరుకి మాత్రలతో పాటు రాత్రి 16 యూనిట్లు ఇన్సులిన్ పెన్నుతో తీసుకుంటారు. అమ్మకి 67, బీపీ, థైరాయిడ్, మోకాళ్ళ నొప్పులు. డిసెంబర్ మూడో వారంలో సికింద్రాబాద్ నుంచి రైల్లో కాశీ వెళ్తున్నారు, తొమ్మిది నిద్రలు చేస్తారు, మధ్యలో ఒకరోజు గయ వెళ్ళి నాన్న పిండప్రదానం చెయ్యాలి. రానుపోను 13 రోజులు. నాకు సెలవు దొరకలేదు, బాబాయి, పిన్ని తోడు వెళ్తున్నారు. మందులు, కాగితాలు, బట్టలు, తినేవి ఏమేం పెట్టాలో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

జవాబు:

నేను చాలా ఏళ్ళు మందుల షాపు నడిపినదాన్ని అండి, మా కాలనీ పెద్దవాళ్ళతో కాశీకి తోడుగా కూడా వెళ్తుంటాను, అందుకని మందుల గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపిగ్గా చదవండి. ముందు ఒక మాట. అందరూ పెద్ద సూట్‌కేసులో ఏం పెట్టాలా అని ఆలోచిస్తారు కానీ కాశీలో అవసరం పడే టైముకి ఆ సూట్‌కేసు పక్కన ఉండదు. రైల్లో అది సీటు కింద చైన్ వేసి ఉంటుంది, ఊళ్ళో సత్రం రూములో ఉంటుంది, విశ్వనాథుడి గుడికెళ్తే చేతి సంచీ, ఫోను కూడా బయట లాకర్లో పెట్టి వెళ్ళాల్సిందే, లోపలికి రానివ్వరు. క్యూ ఎంతసేపు పడుతుందో ఆ రోజు జనాన్ని బట్టి ఉంటుంది, సోమవారం అయితే చెప్పక్కర్లేదు. అందుకని ఏ వస్తువు సర్దినా ఇది ఒంటి మీద ఉండాలా, చేతి సంచీలో ఉండాలా, రూములో ఉన్నా పర్లేదా అని మూడుగా విడదీసుకోండి. నేను కూడా ఆ లెక్కలోనే చెప్తాను.

మందులతో మొదలుపెడదాం. 13 రోజుల ట్రిప్పుకి 13 రోజుల మందులు పెడితే సరిపోవు. డిసెంబర్ చివర్లో యూపీ, బీహార్ వైపు పొగమంచు పడితే రైళ్ళు గంటలకి గంటలు లేటు, ఒక్కోసారి క్యాన్సిల్ కూడా. కనీసం నాలుగు రోజులవి ఎక్కువ పెట్టుకోవాలి, అంటే 17 రోజులకి లెక్క వెయ్యండి. నాన్నగారి మెట్‌ఫార్మిన్ పొద్దున ఒకటి రాత్రి ఒకటి అనుకుంటే 34 మాత్రలు, పది మాత్రల స్ట్రిప్పులైతే నాలుగు కావాలి. ఇది అందరూ వేసుకునే లెక్కే, తేడా వచ్చేది ఇన్సులిన్ దగ్గర. పెన్నులో మూడు ఎంఎల్ ఉంటుంది, మామూలు పెన్నయితే 300 యూనిట్లు. రోజుకి 16 చొప్పున 17 రోజులకి 272, ఒక పెన్ను చాలు కదా అనిపిస్తుంది. కానీ ప్రతిసారీ సూది పెట్టాక చుక్క వస్తుందో లేదో చూడటానికి రెండు యూనిట్లు బయటికి వదలాలి, ఆ 34 కలిపితే 306, అంటే సరిగ్గా చివరి రోజుకి పెన్ను చాలదు. పెన్ను పాడైనా, కిందపడి పగిలినా అక్కడ అదే కంపెనీది వెంటనే దొరుకుతుందన్న గ్యారంటీ లేదు, అందుకని రెండు పెన్నులు, ఓ పాతిక సూదులు పెట్టండి.

ఇన్సులిన్‌కి ఐసు డబ్బా కావాలా అని చాలామంది అడుగుతారు. డిసెంబర్లో అక్కర్లేదు. వాడుతున్న పెన్ను చాలా రకాలకి 28 రోజులు బయటే ఉండొచ్చు, 30 డిగ్రీలు దాటకూడదు అంతే, మీ పెన్ను పెట్టె మీద ఎన్ని రోజులు రాశాడో ఒకసారి చూడండి. తెరవని రెండో పెన్ను కూడా ఫ్రిజ్‌లోంచి తీసిన రోజు నుంచి అదే లెక్క, కాబట్టి తీసిన తేదీ దాని మీద ప్లాస్టర్ ముక్క అంటించి రాసేయండి. నిజానికి చలికాలం ప్రమాదం వేరే, ఎవరో జాగ్రత్త కొద్దీ ఐసు ముక్కల మధ్య పెట్టేస్తారు, గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, చూడ్డానికి మామూలుగానే ఉండొచ్చు కానీ షుగరు సరిగ్గా దిగదు. ఆ పొరపాటు చెయ్యనివ్వకండి. సూది కూడా పెన్నుకే వదిలేయకుండా ప్రతిసారీ తీసెయ్యమనండి, లేకపోతే మందు కారుతుంది, గాలి చేరుతుంది.

మాత్రల్ని కత్తిరించి చిన్న చిన్న కవర్లలో వేసే అలవాటు మనవాళ్ళకి బాగా ఉంది, చోటు కలిసొస్తుందని. దయచేసి చెయ్యొద్దు. పేరు ఒక ముక్క మీద, తేదీ ఇంకో ముక్క మీద పోతాయి, తీరా ఒక మందు అయిపోయి కాశీలో షాపుకెళ్తే చూపించడానికి ఏమీ ఉండదు. మన దగ్గర దొరికే బ్రాండు అక్కడ లేకపోవచ్చు కానీ అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో చెప్తే అదే మందు వేరే కంపెనీది ఇస్తారు, అందుకని డాక్టరు చీటీ మీద బ్రాండు పేరు పక్కన అసలు మందు పేరు కూడా రాయించుకోండి. అమ్మగారి థైరాయిడ్ మాత్రలు సీసాలోవైతే ఆ సీసాలోనే ఉంచండి, వెలుతురు, తేమ తగిలితే దాని బలం తగ్గుతుంది, రోజువారీ గళ్ళ డబ్బాలో పోసెయ్యొద్దు.

మొత్తం మందులు చేతి సంచీలో ఉండాలి, సూట్‌కేసులో ఒక్కటి కూడా వద్దు. అందులోంచి నాన్నగారివి నాలుగు రోజులవి తీసి అమ్మగారి సంచీలో, అమ్మగారివి నాలుగు రోజులవి నాన్నగారి సంచీలో పెట్టండి, ఒక సంచీ పోయినా ఆ నాలుగు రోజుల్లో కొనుక్కోవచ్చు.

రైల్లో పెద్దవాళ్ళు చేసే ఒక పని ముందే చెప్తున్నా, గమనించండి. బాత్రూముకి మాటిమాటికీ లేవాల్సొస్తుందని ఎవరికీ చెప్పకుండా బీపీ మాత్ర మానేస్తారు, నీళ్ళు తాగడం కూడా మానేస్తారు. బీపీ మాత్ర పేరు చివర హెచ్ అనో సీటీ అనో ఉంటే చాలావరకు అందులో ఒంట్లో నీటిని లాగేసే మందు కలిసి ఉంటుంది, ఎక్కువసార్లు వెళ్ళాల్సి రావడానికి అదే కారణం. అది మానేస్తే రైలు దిగేసరికి బీపీ పెరగొచ్చు. మీ అమ్మగారిది అలాంటిదైతే ప్రయాణం రోజు ఏ టైముకి వేసుకోవాలో డాక్టర్ని ముందే అడగండి, టైము మార్చడం వేరు మానెయ్యడం వేరు. సిగ్గుపడకుండా రాత్రికి పెద్దవాళ్ళు వేసుకునే డైపర్లు ఓ నాలుగైదు కొని పెట్టండి, వాడినా వాడకపోయినా ఉన్నాయన్న ధైర్యంతో నీళ్ళు తాగుతారు.

రోజూ వేసుకునేవి కాకుండా అదనంగా పెట్టే మందులు తక్కువే ఉండాలి. జ్వరానికి, ఒళ్ళు నొప్పులకి పారాసిటమాల్, మోకాళ్ళకి పూసే జెల్, దూది, బ్యాండేజి, గాయానికి ఆయింట్‌మెంట్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. మోకాళ్ళకి నొప్పి బిళ్ళలు ఎవరైనా ఇస్తే అమ్మగారు వేసుకోకూడదు, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి బీపీని పెంచుతాయి, బీపీ మందులతో కలిస్తే కిడ్నీల మీద పడతాయి, ఘాట్ల మెట్లు ఎక్కి దిగి నొప్పులొచ్చాక పక్క రూము వాళ్ళు ప్రేమగా ఇచ్చే మాత్ర సరిగ్గా ఇదే అయ్యుంటుంది. జలుబు బిళ్ళలు కూడా అంతే, ముక్కు దిబ్బడ తగ్గించే రకాలు చాలావాటిలో బీపీ పెంచే మందు ఉంటుంది, మగవాళ్ళకి ప్రోస్టేట్ సమస్య ఉంటే మూత్రం బిగుసుకుపోతుంది. ముక్కుకి ఆవిరి పట్టుకోమనండి చాలు.

ఓఆర్ఎస్ కొనేటప్పుడు పొడి ప్యాకెట్టు మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. జ్యూసు డబ్బాల్లో తియ్యటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అని రాసి అమ్మేవాళ్ళు, మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే 2025 అక్టోబర్లో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దంది. షుగరు ఉన్నవాళ్ళకి విరేచనాలైతే ఆ తియ్యటి డ్రింకులు ఇవ్వకూడదు, అసలు ఓఆర్ఎస్ మాత్రం ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా. పెద్ద ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్ళల్లో కలపాలి, సగం ప్యాకెట్టు గ్లాసులో చిక్కగా కలిపి తాగితే ఉప్పు ఎక్కువై ఇంకో సమస్య. కొలతకి ఖాళీ లీటరు నీళ్ళ బాటిల్ ఉంటుందిగా, దాన్నే వాడమనండి.

ఇప్పుడు గయ రోజు. ఈ మొత్తం ట్రిప్పులో నాకు భయం అనిపించేది ఈ ఒక్క రోజే, అందుకని వివరంగా చెప్తాను. కాశీ నుంచి గయ దాదాపు 250 కిలోమీటర్లు, కారులో వెళ్ళేవాళ్ళు అర్ధరాత్రి దాటాక బయల్దేరతారు. పొద్దున్నే ఫల్గు నది దగ్గర మొదలుపెట్టి విష్ణుపాదం, అక్షయవటం దాకా మూడు చోట్ల పిండాలు పెట్టేసరికి మధ్యాహ్నం అవుతుంది, కర్త అప్పటిదాకా ఏమీ తినరు. ముందు రాత్రి ఇన్సులిన్ పడి ఉంటుంది, నిద్ర లేదు, చలి, పొద్దున అలవాటు ప్రకారం షుగరు మాత్ర వేసేసుకుంటారు, తిండి మాత్రం లేదు. నాన్నగారి మాత్రల్లో గ్లిమెపిరైడ్ ఉందేమో చూడండి, మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఒకే బిళ్ళలో కూడా వస్తుంది. అది తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని ఊరేలా చేస్తుంది, అందుకే ఖాళీ కడుపుతో వేసుకుంటే షుగరు పడిపోతుంది.

మా బృందంలో ఒకసారి ఒక పెద్దాయనకి ఇలాగే అయింది. రెండో చోట పిండాలు పెడుతూ పెడుతూ మంత్రం చెప్పడంలో తడబడ్డారు, అందరూ తల్లిదండ్రులు గుర్తొచ్చి దుఃఖం అనుకున్నారు. నేను చూస్తే అంత చలిలో మెడ మీద చెమటలు, చేతులు వణుకు. చలిలో చెమట పట్టిందంటే ఆలోచించొద్దు, షుగరు చూసే మిషన్ దొరకకపోయినా ముందు గ్లూకోజు ఇచ్చెయ్యాలి. గ్లూకోజు పొడి మూడు చెంచాలు అరగ్లాసు నీళ్ళల్లో కలిపి తాగించాం, అది సుమారు 15 గ్రాములు. పావుగంట ఆగి చూస్తే తేరుకున్నారు, తర్వాత పాలు, అరటిపండు ఇప్పించి మిగతా కార్యక్రమం కూర్చోబెట్టి చేయించాం. పావుగంటకి తగ్గకపోతే మళ్ళీ అంతే ఇవ్వాలి. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, వెంటనే 112కి ఫోను చెయ్యాలి.

కాబట్టి వెళ్ళేముందే డాక్టర్ దగ్గర కూర్చుని మూడు సంగతులు కాగితం మీద రాయించుకోండి. గయకి ముందు రాత్రి ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు, ఆ రోజు పొద్దున ఏ మాత్ర వేసుకోవాలి ఏది ఆపాలి, తిన్న తర్వాత ఏది వేసుకోవాలి. దీన్ని నేను చెప్పకూడదు, ఆయన షుగరు రిపోర్టులు చూసి డాక్టరే చెప్పాలి. అలాగే గయలో చేయించే పురోహితుడికి ముందే ఫోనులో విషయం చెప్పండి, షుగరు ఉన్న కర్తకి పాలు, పండు తీసుకోమని చాలామంది వాళ్ళే చెప్తారు, మీ నాన్నగారికి అది పంతులు గారి నోటి నుంచి వింటేనే మనసు ఒప్పుకుంటుంది, మనం చెప్తే వినరు.

షుగరు చూసుకునే మిషన్ విషయంలో రెండు చిన్న సంగతులు. పండ్లు, ప్రసాదం పట్టుకున్న చేత్తో గుచ్చుకుంటే షుగరు లేనిదే ఎక్కువ చూపిస్తుంది, చేతులు కడుక్కుని తుడుచుకోవాలి. మరీ చలికి మిషన్ సరిగ్గా పనిచెయ్యదు, ఎర్రర్ చూపిస్తుంది, వేళ్ళు చల్లబడి రక్తం కూడా రాదు. మిషన్ స్వెట్టర్ లోపలి జేబులో ఉంచుకుని చేతులు రుద్దుకున్నాక చూడమనండి.

ఇక ఒంటి మీద ఉండాల్సినవి, అంటే ఫోను, సంచీ లాకర్లో పెట్టాక కూడా మిగిలేవి. చొక్కా లోపలి జేబులో గ్లూకోజు బిళ్ళలో పొడి పొట్లమో, అమ్మగారికి నడుముకి కట్టుకునే చిన్న బట్ట సంచీలో అదే. పక్కనే ఒక కార్డు. దాని మీద పేరు, వయసు, ఉన్న జబ్బులు, వేసుకునే మందులు, పడని మందులు, సత్రం పేరు, ఏ ఘాట్ దగ్గర, బాబాయి గారి నంబరు, మీ నంబరు, హిందీలోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలతో రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. ఇది ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే గుడి లోపల రద్దీలో విడిపోవడం మామూలు, మన పెద్దవాళ్ళకి హిందీ రాదు, ఎవరి నంబరూ నోటికి రాదు, ఫోను లాకర్లో ఉంటుంది, ఆ లాకర్ తాళం ఇంకొకరి జేబులో ఉంటుంది. విడిపోతే ఎక్కడ కలవాలో కూడా లోపలికెళ్ళే ముందే ఒక చోటు అనుకోవాలి, లాకర్ పెట్టిన షాపే మంచి గుర్తు.

కాగితాల్లో ఆధార్ ఒరిజినల్ ఒకటి చాలు, పది రకాల కార్డులు మొయ్యక్కర్లేదు. రైల్లో జిరాక్సు చెల్లదు, ఒరిజినల్ గానీ డిజీలాకర్‌లో ఉన్నది గానీ చూపించాలి. సత్రాల్లో మాత్రం ప్రతిచోటా జిరాక్సు అడుగుతారు, ఒక్కొక్కరివి నాలుగైదు కాపీలు తీసి పెట్టండి, అక్కడ సందుల్లో జిరాక్సు షాపు వెతుక్కుంటూ తిరగక్కర్లేదు. నాన్నగారికి 70 దాటాయి కాబట్టి ఆయుష్మాన్ వయ వందన కార్డు చేయించారా? 2024 అక్టోబర్ చివర్లో మొదలైంది, ఆదాయంతో పని లేదు, ఆధార్ ఉంటే చాలు, ఏడాదికి 5 లక్షల వరకు, పథకంలో ఉన్న ఆసుపత్రి దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది. అడ్మిట్ అయితేనే పనికొస్తుంది, ఊరికే డాక్టర్ని చూసినందుకు రాదు. అమ్మగారికి వయసు చాలదు కాబట్టి ఆవిడకి వేరే ఇన్సూరెన్సు ఉంటే ఆ కార్డు పెట్టండి. కాశీలో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి అంటే బనారస్ హిందూ యూనివర్సిటీ, అంటే బీహెచ్‌యూలో ఉన్న సర్ సుందర్‌లాల్ ఆసుపత్రి, లంక అనే ఏరియాలో, ఆ పేరు కూడా బాబాయి గారికి రాసివ్వండి.

టిక్కెట్లు ఇంకా తియ్యకపోతే ఒక మాట, నలుగురికీ కలిపి ఒకే టిక్కెట్టు తియ్యకండి. కింద బెర్తుల కోటా మగవాళ్ళకి 60, ఆడవాళ్ళకి 45 దాటితే వస్తుంది కానీ ఒక టిక్కెట్టు మీద ఒకరో ఇద్దరో ఉంటేనే. అమ్మానాన్నలకి ఒకటి, బాబాయి పిన్నిలకి ఒకటి విడిగా తీస్తే కింద బెర్తు దొరికే అవకాశం ఎక్కువ. సీనియర్ల రాయితీ 2020 మార్చిలో ఆపేశారు, దానికోసం వయసు సర్టిఫికెట్లు పెట్టక్కర్లేదు.

గయకి ఇంకో కాగితం కావాలి, దీన్ని చాలామంది మర్చిపోయి అక్కడ కూర్చుని ఊరికి ఫోన్లు చేస్తుంటారు. నాన్నగారి వైపు మూడు తరాల మగవాళ్ళు, ఆడవాళ్ళ పేర్లు, గోత్రం, ఆయన అమ్మమ్మ తాతయ్యల వైపు అలాగే మూడు తరాలు వాళ్ళ గోత్రం, ఇంకా పోయిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, అత్తమామలు, గురువులు, స్నేహితులు, ఎవరికి పెట్టాలనుకుంటే వాళ్ళందరూ. ఇంట్లో పెద్దమ్మో అత్తయ్యో ఉంటే వాళ్ళని అడిగి ఇప్పుడే రాయించండి, నాన్నగారు కళ్ళద్దాలు లేకుండా చదవగలిగేంత పెద్దగా రాయండి.

బట్టల గురించి. డిసెంబర్ మూడో వారం దాటాక కాశీలో తెల్లవారుజామున పది డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, మధ్యాహ్నం ఎండ కాస్తే స్వెట్టర్ విప్పాలనిపిస్తుంది. ఒకే మందపాటి కోటు కంటే లోపల థర్మల్, పైన చొక్కా, దాని మీద స్వెట్టర్, శాలువా ఇలా పొరలుగా ఉంటే మేలు. స్వెట్టర్ తల మీంచి వేసుకునేది వద్దు, ముందు బొత్తాలో జిప్పో ఉండాలి, ఆ వయసులో చేతులు పైకెత్తి లాక్కోవడం కష్టం, స్నానం చేసి తడితో వణుకుతున్నప్పుడు ఇంకా కష్టం. మంకీ క్యాపు మర్చిపోకండి. నాన్నగారికి పంచెలు మామూలుగా అనుకున్నదాని కంటే రెండు ఎక్కువ పెట్టండి, పొగమంచు పడితే సత్రం మేడ మీద ఆరేసిన బట్ట రెండు రోజులైనా ఆరదు, మడి పాటించేవాళ్ళు తడి పంచె కట్టుకుని ఉంటే జ్వరం గ్యారంటీ. నైలాన్ తాడు, క్లిప్పులు కూడా. అమ్మగారికి గంగ స్నానానికి పల్చటి సింథటిక్ చీర పెట్టండి, నూలు చీర తడిస్తే బరువెక్కి కాళ్ళకి చుట్టుకుంటుంది, మెట్ల మీద పడేది అక్కడే. ఒక ప్లాస్టిక్ మగ్గు ఇవ్వండి, నీళ్ళల్లోకి దిగకుండా పైమెట్టు మీద కూర్చుని పోసుకోవచ్చు, కింది మెట్లు పాకుడు పట్టి ఉంటాయి. మూడు మునకలు వెయ్యాల్సిందే అంటే బాబాయి గారు చెయ్యి పట్టుకుని ఉండాలి.

కాళ్ళ విషయంలో మాత్రం రాజీ పడొద్దు. ట్రిప్పు కోసం కొత్త చెప్పులు కొంటే నెల ముందే కొని ఇంట్లో వేయించి నడిపించండి, కొత్తవి కరిస్తే షుగరు ఉన్నవాళ్ళకి ఆ పుండు త్వరగా మానదు. వెనక పట్టీ ఉండి వంగకుండా అంటించుకునే రకం కొనండి. గుళ్ళల్లో చెప్పుల్లేకుండా చల్లటి తడి రాళ్ళ మీద నడవాలి, షుగరు వల్ల పాదాలకి స్పర్శ తగ్గినవాళ్ళకి ఏం గుచ్చుకున్నా తెలీదు. సాక్సులు ఆరు జతలు, తడిసినవి వెంటనే మార్చాలి. రోజూ రాత్రి అమ్మగారు ఆయన పాదాలు, వేళ్ళ సందులు టార్చి వేసి చూడాలి, ఎరుపో, పొక్కో కనిపిస్తే మర్నాడు తిరగడం ఆపి డాక్టరుకి చూపించాలి. చలికి వేడినీళ్ళ బ్యాగు కాళ్ళ దగ్గర పెట్టుకుని పడుకోవద్దని చెప్పండి, కాలినా తెలీదు.

తినేవి అయితే రైలుకి, రూముకి, జేబుకి వేరువేరుగా చూడండి. రైలెక్కిన రోజుకి పులిహోర, రెండో పూటకి చపాతీలు, మూడో పూటకి ఇంటి నుంచి తెచ్చింది ఏదీ తడి వంటకం వద్దు. దానికి బదులు పల్చటి అటుకులు నూనెలో కాస్త వేయించి పోపు, కరివేపాకు, పల్లీలు, ఉప్పు కలిపి పూర్తిగా చల్లారాక డబ్బాలో పెట్టండి, ఫ్లాస్కులోని వేడినీళ్ళు కొద్దిగా పోసి మూతపెడితే ఐదు నిమిషాల్లో మెత్తగా ఉప్మా అయిపోతుంది, కట్టుడు పళ్ళున్నా తినొచ్చు. జంతికలు, చెక్కలు సర్దుతారు కానీ ఆ వయసులో పళ్ళు సహకరించవు, సంచీ బరువు తప్ప ఏమీ లేదు. పుట్నాలు, మరమరాలు కలిపి చిన్న పొట్లాలుగా కట్టండి, నాన్నగారికి భోజనం లేటైతే అది ఆధారం. రైలు ఛార్జింగ్ పాయింట్‌లో కరెంటు కెటిల్ పెట్టనివ్వకండి, ప్రమాదం, నేరం కూడా.

కాశీలో తెలుగు భోజనానికి లోటు లేదు, మానససరోవర్ ఘాట్ దగ్గర శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం లాంటివి ఉన్నాయి. అయితే సత్రాల్లో భోజనానికి ముందే పేరు చెప్పాలి, టైము దాటితే ఉండదు, రాత్రి టిఫినే ఉండొచ్చు. క్యూలో ఇరుక్కుని ఆ టైము తప్పితే షుగరు మనిషికి ఇబ్బంది, అందుకే పొద్దున మాత్ర వేసుకున్నాక తినకుండా గుడికి బయల్దేరకూడదు. తెల్లవారుజామున తినకుండానే దర్శనం అంటే షుగరు మాత్ర తిరిగొచ్చి తినే టైముకే వేసుకోవాలి. కందిపొడి, కొద్దిగా నెయ్యి పెట్టండి, ఆవకాయ చిన్న సీసా చాలు, ఇద్దరికీ బీపీ ఉంది కదా.

చివరగా, ఇవన్నీ మీరు సర్ది సంచీ మూసి ఇచ్చెయ్యకండి. బయల్దేరే ముందు ఆదివారం బాబాయి గారిని ఇంటికి పిలిచి, అమ్మానాన్నల చేతే సంచీ తెరిపించి గ్లూకోజు ఎక్కడుంది, గయ రోజు డాక్టరు రాసిన కాగితం ఎక్కడుంది, ఇన్సులిన్ ఎక్కడుంది తీసి చూపించమనండి. వెతుక్కుంటే ఆ వస్తువుని పై అరలోకి మార్చండి. నాన్నగారి షుగరు పడిపోతే వెతకాల్సింది ఆయన కాదు, బాబాయి గారు.